తడి ఆరనీకా, ఆననీకా?

గోదారిగట్టు: మా నాయనమ్మ మాట ఒకటి నాలుగు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. "తట్టు పూసిన బిడ్డకు తడి ఆరనీకు." 'ఆరనీకు' అనే నా గుర్తు. మా పిన్ని మాత్రం 'ఆననీకు' అని పంతం పడుతోంది. ఒక్క అక్షరానికి అర్థమే తిరగబడిపోతోంది. మీ ఇళ్ళలో ఎలా అనేవారు?

పాతపుస్తకం: ఆననీకు. సందేహమే లేదు. తట్టు దిగేదాకా ఒంటికి నీళ్ళు తగలనిచ్చేవారా? పైగా ఇక్కడ యతి చూడండి, 'తట్టు', 'తడి'.

నల్లబల్ల: యతి 'త'కు 'త'తో కుదిరింది మాస్టారూ, 'ర'కీ 'న'కీ దాంతో పనేముంది? నా గొడవ వేరే. అమ్మవారు 'పోసింది' అంటాం గానీ 'పూసింది' అంటామా? అది 'పోసిన బిడ్డ' అయివుండాలి.

పాతపుస్తకం: చెవుల వెనక మొదలై, ముఖం మీదుగా కాళ్ళదాకా ఎర్రగా దిగుతుంది. దాన్ని పూయడం అనక ఏమంటారు? పోతన చేతికిస్తే 'పూసిన' అనే ఉంచేవాడు.

నల్లబల్ల: పోతనను ఇందులోకి లాగకండి. ఆయన చేతికిస్తే 'తట్టు'నే మార్చేసేవాడు.

చార్మినార్ పక్క: మా ఇంట్లో ఉర్దూ మాటే, ఖస్రా. మా వాడికి పోయినేడు వచ్చింది, ఒళ్ళంతా నీటిబుడగలు. వేపాకు పరుపు మీద పడుకోబెట్టాం.

వార్డు అక్క: నీటిబుడగలైతే అది ఆటలమ్మ తమ్ముడూ, తట్టు కాదు. తట్టులో బుడగ ఉండదు. మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, జలుబు, ఎర్రబడి నీరు కారే కళ్ళు, ఆ తర్వాత దద్దురు. దద్దురుకు ముందే దవడ లోపల, వెనక పళ్ళకు ఎదురుగా, ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇరవై ఏళ్ళు పిల్లల వార్డులో చేశాను, నా ఓటు 'ఆరనీకు'కే. జ్వరానికి ఒంట్లో నీరు ఇంకిపోతుంది, నోరు పూసి పిల్ల మింగదు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే చెంచాతో కొంచెం కొంచెంగా ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. ఏడ్చినా కన్నీళ్ళు లేకపోయినా, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా తడి ఆరిందనే లెక్క.

మానేరు: అక్కా, మా చెల్లెలి కూతురి సంగతి చెప్తాను. నాలుగేళ్ళది. సోమవారం జ్వరం, గురువారం చెవుల వెనక దద్దురు. గుమ్మానికి వేపమండ కట్టారు, గది చీకటి చేశారు, పథ్యమని అన్నం తగ్గించేశారు. దద్దురు మూడోరోజున జ్వరం దిగింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అయిదోరోజున మళ్ళీ కాగింది. డొక్కలు ఎగరేస్తోంది, నిమిషానికి యాభై సార్లు ఊపిరి. తట్టు లోపలికి పోయిందన్నారు పెద్దలు. ఆసుపత్రిలో నిమోనియా అన్నారు. పదిరోజులు పట్టింది.

వార్డు అక్క: ఆ వయసుకు నలభై దాటితేనే ఆలస్యం చేయకూడదు. దిగిన జ్వరం మళ్ళీ వచ్చిందంటే లోపలికి పోయింది తట్టు కాదు, దాని వెనకాలే ఇంకో క్రిమి దూరిందని ముందు అనుమానించాలి. చీకటి గది తప్పేమీ కాదు, వెలుతురుకు ఆ కళ్ళు ఓర్చుకోలేవు. తప్పల్లా అన్నం తగ్గించడమే. విటమిన్ ఎ ఇచ్చారా?

మానేరు: వరసగా రెండురోజులు వేశారు. కళ్ళకేనా అది?

వార్డు అక్క: కళ్ళకూ, ప్రాణానికీ. ఏడాది దాటినవాళ్ళకి రోజుకు రెండు లక్షల యూనిట్లు. డాక్టరే వేయాలి, ఇంట్లో లెక్కేసుకుని పోసేది కాదు. నల్లగుడ్డు మీద తెలుపు కనబడితే మాత్రం ఆ పూటే చూపించాలి.

గోదారిగట్టు: మరి వేపమండ? మా నాయనమ్మ చుట్టాలను గుమ్మంలోంచే పంపేసేది.

వార్డు అక్క: మంచిపనే చేసింది, కాస్త ఆలస్యంగా. దద్దురుకు నాలుగురోజుల ముందునుంచే అంటుతుంది, తర్వాత ఇంకో నాలుగురోజులు. పిల్ల గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండుగంటలదాకా గాలిలో ఉంటుంది. మండ కట్టేసరికే బడిలో పంచేసి ఉంటుంది. టీకా పడని పిల్లలు దగ్గర మసిలి ఉంటే మూడురోజుల్లోపు వేయించాలి.

పాతపుస్తకం: ఇదంతా బాగానే ఉంది. కానీ 'ఆరనీకు' అనాలంటే 'నోటి తడి' అని ఉండాలి. 'బిడ్డకు తడి ఆననీకు' అంటేనే వాక్యం నిలబడుతుంది. 'బిడ్డకు ఆరనీకు' ఏ వ్యాకరణం?

వార్డు అక్క: 'పొలానికి తడి ఆరనీకు' అనరా మీ వైపు?

పాతపుస్తకం: పొలం వేరు.

గోదారిగట్టు: పిన్నికి మళ్ళీ ఫోన్ చేశాను. 'ఆననీకు' అంటూనే, నాయనమ్మ మాత్రం రాత్రంతా తడిగుడ్డ నుదుట వేస్తూ బార్లీ నీళ్ళు పట్టేదని చెప్పింది.

నల్లబల్ల: తడిగుడ్డ ఒంటికి ఆనినట్టే కదా! సరే, ఆవిడ 'పూసిన' అందా, 'పోసిన' అందా?

గోదారిగట్టు: అడగడం మర్చిపోయాను. ఇప్పుడు నాకూ గుర్తు రావట్లేదు.