టెస్టర్ ‘డైమండ్’ అన్నాక కూడా రాయి వజ్రం కాకపోవచ్చా?

శిరీష: అత్తయ్యగారు పెట్టిన ఒంటిరాయి ఉంగరం ఒక షాపులో చూపిస్తే, పెన్నులాంటి టెస్టర్ ‘డైమండ్’ అంది. ఇంకో షాపులో లూప్ అనే చిన్న భూతద్దంతో చూసి, వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయి అన్నారు. ఎవరిని నమ్మాలి?

రమణమూర్తి: మెషిన్‌నే నమ్మండి. రాయి మీద నోటితో ఊదండి, ఆవిరి వెంటనే పోతే వజ్రమే. మా ఇంట్లో ఎప్పుడూ ఇలాగే చూస్తాం.

నాగేశ్వరరావు (నగల పని): రమణమూర్తిగారూ, ఆ పరీక్షతో ఏడీ రాయిని, అంటే క్యూబిక్ జిర్కోనియాను పట్టుకోవచ్చు. దానిలోంచి వేడి సరిగా పోదు కాబట్టి ఆవిరి కాసేపు నిలుస్తుంది. మోయిసనైట్ మాత్రం వేడిని వజ్రంలాగే లాగేస్తుంది. ఆ పెన్ను కొలిచేది కూడా వేడినే, అందుకే రెండింటికీ ‘డైమండ్’ అంటుంది.

శిరీషగారూ, 10 రెట్ల లూప్‌తో చూడండి. నేరుగా పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే అలా చూసినప్పుడు తేడా కనబడకుండానే రాయిని కోస్తారు. ఉంగరం కాస్త వంచి, పక్క ముఖంలోంచి రాయి అడుగున ఉన్న అంచులు చూడండి. మోయిసనైట్ అయితే ఒక్కో గీత జంటగా కనిపిస్తుంది. వజ్రంలో అలా కనబడదు.

లావణ్య: నా ఏడీ దిద్దులు రెండేళ్లకే మసకబారాయి. మోయిసనైట్ కూడా అంతేనా?

నాగేశ్వరరావు: ముందు గోరువెచ్చని సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడగండి. సగం మసక నూనె జిడ్డే, అది వజ్రానికీ పడుతుంది. కడిగినా పోకపోతే అంచులు అరిగినట్టు. కాఠిన్యంలో వజ్రం 10, మోయిసనైట్ 9.25, ఏడీ రాయి 8 నుంచి 8.5. మోయిసనైట్ అంత తొందరగా అరగదు. అయినా ఏ రాయినీ వజ్రంతో కలిపి ఒకే డబ్బాలో వేయకండి, గీతలు పడతాయి.

కిరణ్, డల్లాస్: అసలు మోయిసనైటే ఎక్కువ మెరుస్తుంది కదా? తెల్ల కాంతిని రంగులుగా విడగొట్టడంలో దానిది 0.104, వజ్రానిది 0.044. రెట్టింపు కంటే ఎక్కువ! మా ఆవిడకు అదే కొన్నాను.

రమణమూర్తి: ఆ ఇంద్రధనుస్సు రంగులే నాకు నచ్చవు బాబూ. వజ్రంలో తెల్లటి వెలుగు ఉంటుంది, అదీ అందం.

కిరణ్, డల్లాస్: అది మీ అభిరుచి అండీ. మెరుపు తక్కువని మాత్రం అనలేరు.

శిరీష: వంచి చూశాను, గీతలు జంటగానే కనిపిస్తున్నాయి. మొదటి షాపువాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు.

నాగేశ్వరరావు: వేడితోపాటు కరెంటు కూడా చూసే టెస్టర్ పెట్టమనండి. మామూలుగా మోయిసనైట్ అక్కడ దొరికిపోతుంది. కానీ కరెంటు సరిగా పారని మోయిసనైట్‌లూ వస్తున్నాయి కాబట్టి, అదీ ‘డైమండ్’ అంటే అక్కడితో ఆగకండి. రత్నాల ల్యాబ్‌లో రాయి చూపించి రిపోర్టు తీసుకోండి. ఆ రిపోర్టు చూపించాకే వాళ్లతో మాట్లాడండి.