గుత్తి వంకాయ ఫొటో చూసి ఉప్పు, నూనె చెప్పగలమా?

పుణే వంటిల్లు
అర కిలో వంకాయలతో గుత్తి వంకాయ చేశాను, ఫొటో పెట్టాను. చుట్టూ ఎర్రగా నూనె తేలింది, గ్రేవీ ముద్దలా ఉంది, మూకుడు అంచున ఎండిన చార ఉంది. గరిటెతో పైపైన తీసి నాకితే ఉప్పు తక్కువ అనిపించింది. ఇంకో అర స్పూను వేయనా? నూనె ఎక్కువైందా? గంటలో చుట్టాలొస్తున్నారు.

బెజవాడ అత్తయ్య
నూనె అలా తేలిందంటే కూర అయిపోయినట్టే నాయనా, స్టవ్ ఆపెయ్. పల్లీ, నువ్వుల ముద్ద పచ్చివాసన పోయాకే నూనె వదులుతుంది. ఫొటోలో వంకాయలు ఇంకా నిగనిగలాడుతూ బిగుసుకుని ఉన్నాయి, ఉప్పు పట్టిన వంకాయ ముడతపడి వాలిపోతుంది. కాబట్టి ఉప్పు తక్కువే. వేసెయ్. ఒకవేళ ఎక్కువైతే బంగాళాదుంప ముక్కలు వెయ్యి, ఉప్పంతా లాగేస్తాయి.

పెళ్లివంటల మనిషి
తమ్ముడూ, ఉప్పు వెయ్యకు, కాసేపాగు. అత్తయ్యగారు నూనె గురించి చెప్పింది నిజమే, మసాలా వేగిందనడానికి అది గుర్తు. కానీ మసాలా వేగడం వేరు, వంకాయ ఉడకడం వేరు.

ఉప్పు ఫొటోలో కనపడదు. నీళ్లు ఎంత ఇగిరాయో మాత్రం కనపడుతుంది. నీ మూకుడు అంచున చార చూడు, ఇప్పుడున్న గ్రేవీకి బొటనవేలు వెడల్పంత పైన ఉంది. కూర మొదట అక్కడిదాకా ఉండేదన్నమాట. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. ఆ చార దగ్గరున్నప్పుడు సరిపోయిన ఉప్పు ఇప్పుడు ఎక్కువై ఉంటుంది.

ఇక నువ్వు నాకింది పైనుంచి. పైన ఉన్నది నూనె. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. పైపొర రుచి చూస్తే ఎప్పుడైనా చప్పగానే తగులుతుంది. అడుగునుంచి కలిపి, అర స్పూను గ్రేవీ తీసి రెండు ముద్దల తెల్లన్నంలో కలుపుకుని తిని చెప్పు. మన అన్నంలో ఉప్పుండదు కదా, కూరే దానికీ సరిపోవాలి. ఉత్తి గ్రేవీ నాకి తేల్చకూడదు.

ఎంత ఉప్పు వేశావు, ఏ స్పూను, మెత్తటిదా కల్లుప్పా, నూనె ఎంత పోశావో కూడా రాయి.

చీరాల కెమెరా
ఫ్లాష్ తీసేసి కిటికీ పక్కన పెట్టి తియ్యండి, పైనుంచి కాకుండా కొంచెం పక్కనుంచి. కొత్తిమీర చల్లితే ఇంకా బాగా వస్తుంది. నేను మా చేపల పులుసు అలాగే తీస్తాను, ఫ్లాష్‌తో తీస్తే పల్చటి పులుసు కూడా నూనె తేలినట్టు మెరుస్తుంది.

పుణే వంటిల్లు
ఫొటో అందంగా రావడం గురించి కాదండి అడిగింది.

పెళ్లివంటల మనిషి
కాదు తమ్ముడూ, ఆయన మాట పనికొస్తుంది. ఫ్లాష్ వెలుగులో నీళ్లూ మెరుస్తాయి, నూనే మెరుస్తుంది. నూనె అయితే గుండ్రటి చుక్కలుగా, అంచు తెలిసేలా, ఎర్రగా ఉంటుంది. మిరపకాయ ఎరుపు నూనెలో దిగుతుంది కాబట్టి ఆ రంగు వస్తుంది. నీళ్ల మెరుపు తెల్లగా, అంచులేకుండా పరుచుకుంటుంది. ఇంకొకటి, పొయ్యి మీద తెర్లుతున్నప్పుడు తీసిన ఫొటోతో నూనె లెక్క తేల్చకూడదు. మరుగులో నూనె గ్రేవీలో కలిసిపోయి ఉంటుంది. దించి 5 నిమిషాలు ఆగు, మూకుడు ఒకవైపు వంచి, ఫ్లాష్ లేకుండా తియ్యి. ఒక వంకాయని ముచ్చిక దాకా చీల్చి అది కూడా కనపడేలా పెట్టు.

హన్మకొండ పిల్ల
నూనె ఎక్కువైందని ఎవలన్నరు అన్నా? మా ఇంట్ల ఇట్లనే ఉంటది. హైదరాబాద్ బగారా బైంగన్ జూడుండ్రి, నూనెల మునుగుతది. అదే పల్లీ, నువ్వులు, కొబ్బరి, చింతపండు. నూనె తక్కువేస్తే మసాలా అడుగంటుతది.

పుణే వంటిల్లు
వివరాలు ఇవిగో. ప్యాకెట్ మెత్తటి ఉప్పు, టీస్పూనుతో తలకొట్టి రెండున్నర. నూనె పెద్ద స్పూనుతో ఎనిమిది. పల్లీలు 50 గ్రాములు, నువ్వులు 25, ఎండుకొబ్బరి కొంచెం, ఒక ఉల్లిపాయ, నిమ్మకాయంత చింతపండు. నీళ్లు గ్లాసున్నర పోశాను. కూర వేరే గిన్నెలోకి తీసి తూచితే 750 గ్రాములు వచ్చింది. అన్నంలో కలిపి తిన్నాను, మొదటి ముద్ద బాగుంది, రెండో ముద్దకి నాలుక మీద ఉప్పు తెలుస్తోంది. కొత్త ఫొటో పెట్టాను. వంచితే నూనె ఒక పక్కకి చేరింది, పెద్ద స్పూనుతో మూడు వస్తుందేమో. చీల్చిన వంకాయలో ముచ్చిక దగ్గర తెల్లగా ఉంది.

పెళ్లివంటల మనిషి
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మెత్తటి ఉప్పు తలకొట్టి ఒక టీస్పూను సుమారు 6 గ్రాములు తూగుతుంది. రెండున్నర అంటే 15. 750 గ్రాముల కూరలో 15 గ్రాములంటే నూటికి రెండు. ఉత్తి తినే కూరకి నూటికి ఒకటి చాలు, అన్నంలో కలుపుకునేదానికి ఒకటిన్నర దాకా వెళ్లొచ్చు. రెండు ఎక్కువ. ఇంకో అర స్పూను వేసుంటే కూర చేజారేది.

పోయిన నీళ్లని వెనక్కి పోస్తే ఉప్పు, గట్టిదనం రెండూ సర్దుకుంటాయి. ఒక కప్పు వేడినీళ్లు, అంటే 150 మిల్లీలీటర్లు, అంచు చుట్టూ పొయ్యి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది, మళ్లీ మరగాలంటే ఆలస్యం. వేయించిన పల్లీ, నువ్వుల పొడి ఉప్పు లేకుండా రెండు పెద్ద స్పూన్లు అందులోనే కలుపు. లేకపోతే పోసిన నీళ్లు పైన పల్చగా తేలతాయి. అప్పుడు కూర 920 దాకా అవుతుంది, ఉప్పు ఒకటిన్నర పైచిలుకుకి దిగుతుంది. అన్నంలోకి సరిపోతుంది.

గరిటె పెట్టి వంకాయల్ని తిప్పకు, విడిపోతాయి. మూకుడు రెండు చేతులతో పట్టుకుని ఊపు. మూత పెట్టి, సన్నమంట మీద 8 నుంచి 10 నిమిషాలు.

ముచ్చిక దగ్గర తెలుపు గురించి. ఉడికిన వంకాయ లోపల తెల్లగా స్పాంజిలా ఉండదు, నీరుపట్టి బూడిదరంగులో మెత్తగా, వెలుగు సోకితే జిగటగా కనపడుతుంది. తెల్లగా ఉంటే గాలి ఇంకా లోపలే ఉందని లెక్క, తింటే కసరుగా ఉంటుంది. చింతపండు రసం వంకాయ మగ్గకముందే పోశావా?

పుణే వంటిల్లు
అవును, నీళ్లతో పాటే పోశాను.

పెళ్లివంటల మనిషి
అందుకే. పులుపు ముందు పడితే ముక్క మెత్తబడడానికి మొండికేస్తుంది, ఏ కూరగాయైనా అంతే. వంకాయ నూనెలో మూతపెట్టి ముప్పావు వంతు మగ్గాకే పులుసు పొయ్యాలి. ఇప్పుడు వెనక్కి తియ్యలేం, టైమివ్వడమే. స్పూను వెనకవైపుతో ముచ్చిక దగ్గర నొక్కి చూడు, తేలిగ్గా దిగాలి.

బెజవాడ అత్తయ్య
మరి బంగాళాదుంప సంగతేంటి? మా అత్తగారి నాటినుంచి వేస్తున్నాం, పనిచేస్తుంది కాబట్టే వేస్తున్నాం.

పెళ్లివంటల మనిషి
పనిచేసినట్టు ఉంటుందండి అత్తయ్యగారూ, నేను కాదనను. దుంప ఉప్పుని ఏరుకుని లాగదు. ఉప్పునీళ్లు పీల్చుకుంటుంది, నీళ్లూ ఉప్పూ కలిపే పీలుస్తుంది. మిగిలిన గ్రేవీ ముందు ఎంత ఉప్పగా ఉందో అంతే ఉంటుంది. మనం దుంపని కూడా తింటాం కాబట్టి, కూర మొత్తం పెరిగి ఉప్పు పలచబడుతుంది. పులుసుల్లో ఆ పద్ధతి బాగుంటుంది. గుత్తి వంకాయలో దుంప ఉడికేలోపు వంకాయలు పిప్పి అవుతాయి. అదే పని పల్లీ పొడి తొందరగా చేస్తుంది.

అనకాపల్లి
బెల్లం ముక్క వేస్తే ఉప్పు తగ్గదా?

పెళ్లివంటల మనిషి
తగ్గదు, కాస్త మరుగున పడుతుంది. ఉప్పు కొంచెం మీరితే గోలీకాయంత బెల్లం సరిపోతుంది. ఇంత ఎక్కువైనప్పుడు వేస్తే తియ్యగా, ఉప్పగా రెండూ తెలుస్తాయి.

బెజవాడ అత్తయ్య
సరే, దుంప మాట వదిలేద్దాం. వంకాయ ముడతల మాట మాత్రం వదలను. ఉప్పు చాలని వంకాయ బిగుసుకునే ఉంటుంది, ఉప్పు నీళ్లు లాగుతుంది కాబట్టి. ఫొటోలో అది తెలుస్తుంది.

పెళ్లివంటల మనిషి
వేపుడులో మీరన్నది నేనూ నమ్ముతాను, అక్కడ ఉప్పు చల్లగానే ముక్క చెమరుస్తుంది. ఇక్కడ ఉప్పు మసాలా ముద్దలో ఉంది, వంకాయ తొక్కకి అంతగా తగల్లేదు. పైగా లేత వంకాయ, ముదురు వంకాయ ఒకేలా వాలవు. ఉప్పు ఎక్కువై కూడా ఈ వంకాయలు బిగుసుకునే ఉన్నాయి కదా, కారణం పులుపు.

బెజవాడ అత్తయ్య
ఒక్క కూర చూసి అలా అనెయ్యకూడదు బాబూ.

హన్మకొండ పిల్ల
నూనె ముచ్చట ఎవ్వరూ తేల్చలే. మూడు స్పూన్లు తియ్యాల్నా వద్దా?

పెళ్లివంటల మనిషి
అది ఇంటిని బట్టి అమ్మా. అర కిలోకి ఎనిమిది స్పూన్లు పెళ్లిలో నేనూ పోస్తాను, రోజువారీ వంటకి ఐదు చాలనుకుంటాను. తమ్ముడు మాత్రం నీళ్లు పోసి ఉడికించేదాకా తియ్యకూడదు. గ్రేవీ మరీ దగ్గరపడి నూనె బయటికొచ్చింది, పల్లీల్లో నువ్వుల్లో ఉన్న నూనె కూడా అందులోదే. నీళ్లు తగలగానే కొంత వెనక్కి కలిసిపోతుంది. దించాక 5 నిమిషాలు ఆగి, అప్పటికీ ఎక్కువనిపిస్తే వంచి తీసుకోవచ్చు. ఆ నూనెలో ఉప్పుండదు, రేపు పులిహోర పోపుకి వాడుకోవచ్చు. కానీ నూనె తీస్తే ఉప్పు తగ్గుతుందని మాత్రం అనుకోకూడదు, తీసినకొద్దీ మిగిలిన కూరలో వంతు పెరుగుతుంది.

హన్మకొండ పిల్ల
ఐదు స్పూన్లతో పల్లీ ముద్ద అంటకుండ ఏగుతదంటే నేను ఒప్పుకోను. ఇనుప మూకుట్ల చేసి చూపియ్యుండ్రి.

పుణే వంటిల్లు
మూత తీశాను. గ్రేవీ గరిటె వెనక పట్టి నిలుస్తోంది, వేలితో గీస్తే గీత అలాగే ఉంది. ముచ్చిక దగ్గర స్పూను దిగింది, ఒక్క పెద్దకాయ మాత్రం ఇంకా గట్టిగా ఉంది. అన్నంలో ఉప్పు సరిపోయింది. నూనె సగం కలిసిపోయింది, మిగతాది తియ్యలేదు, మా బావగారు కరీంనగర్ వాళ్లు.

పెళ్లివంటల మనిషి
ఆ పెద్దకాయని మధ్యకి జరిపి ఇంకో 4 నిమిషాలు మూత పెట్టు. ఈసారి లావు కాయలకి గాట్లు ముచ్చిక దాకా లోతుగా పెట్టు.