చాట్‌బాట్ నెల బిల్లు: సగటు చాట్‌తో లెక్కేస్తే సరిపోతుందా?

తెలుగులో కస్టమర్ సపోర్ట్ బాట్ లాంచ్‌కి ముందు నెల బిల్లు అంచనా వేస్తున్నాం. పది లక్షల టోకెన్లకు ఇన్‌పుట్ 1 డాలరు, అవుట్‌పుట్ 5 డాలర్లు అనుకుందాం. సిస్టమ్ ప్రాంప్ట్ 1,500 టోకెన్లు, ప్రశ్న 100, జవాబు 300, చాట్‌కి ఆరు ప్రశ్నలు, రోజుకు 1,000 చాట్లు.

మోడల్‌కి పాత మాటలు గుర్తుండవు కాబట్టి ప్రతి ప్రశ్నతోనూ సిస్టమ్ ప్రాంప్ట్, అప్పటిదాకా జరిగిన సంభాషణ మొత్తం మళ్లీ పంపాలి. అందుకే చాట్‌కి ఇన్‌పుట్ 600 కాదు, 15,600 టోకెన్లు; అవుట్‌పుట్ 1,800. నెలకు 30,000 చాట్లకు ఇన్‌పుట్ 468 డాలర్లు, అవుట్‌పుట్ 270, మొత్తం 738. చరిత్ర, ప్రాంప్ట్ మర్చిపోతే 288 అని వస్తుంది!

టోకెన్లను ఇంగ్లీషు లెక్కన పదాల నుంచి ఊహించలేదు. తెలుగుకి చాలా టోకెనైజర్లలో ఎక్కువే పడతాయి కాబట్టి, అసలు మెసేజీలు 200 పంపి, రెస్పాన్స్‌లోని `usage` అంకెలు తీసుకున్నాం.

చిక్కు ఇక్కడ. పన్నెండు ప్రశ్నల చాట్‌కి ఇన్‌పుట్ 45,600. ప్రశ్నలు రెట్టింపైతే ఇన్‌పుట్ ఖర్చు దాదాపు మూడు రెట్లు. పొడవు చాట్లు కొన్ని ఉన్నా సగటు తప్పుతుంది. కాల్ సెంటర్ లాగ్‌ల నుంచి చాట్ పొడవుల పంపిణీ తీసుకోవచ్చా, లేక మనుషులు బాట్‌తో వేరేలా మాట్లాడతారా? చరిత్రను చివరి నాలుగు ప్రశ్నలకు కుదిస్తే జవాబులు ఎక్కడ దెబ్బతిన్నాయి? ప్రాంప్ట్ క్యాషింగ్ కొద్ది నిమిషాల్లో గడువు తీరితే, రాత్రిపూట పలచటి ట్రాఫిక్‌కి ఎంత శాతం హిట్ వేసుకున్నారు? లాంచ్ అయ్యాక అంచనాకీ బిల్లుకీ తేడా చూసినవాళ్లు చెప్పగలరా?