లేత్ మెషిన్ అమ్మితే ఒక లెక్కలో నష్టం, ఇంకో లెక్కలో లాభం, ఏది పట్టుకోవాలి?

గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న వర్క్‌షాప్ అండి. 10 లక్షలకి లేత్ కొని మూడేళ్లు నిండాయి, ఇప్పుడు ఒకాయన 6,80,000 ఇస్తానంటున్నాడు. మా పుస్తకాల్లో స్ట్రెయిట్ లైన్ పద్ధతే, అంటే పదేళ్ల ఆయుష్షు, చివర్లో స్క్రాప్ లక్ష అనుకుని ఏటా 90,000 తీసేస్తున్నాం కాబట్టి పుస్తక విలువ 7,30,000 దగ్గరుంది, అమ్మితే 50,000 నష్టం. ఇన్‌కమ్ టాక్స్‌కేమో మిగిలిన విలువ మీద ఏటా 15 శాతం, అది 8,50,000, తర్వాత 7,22,500, ఇప్పుడు 6,14,125కి వచ్చింది. ఈ లెక్కన 65,875 మిగులు! పుస్తకాల్లో నష్టం రాసుకుని దీనికి మళ్లీ పన్ను కట్టాలా? అదే 15 శాతం బ్లాక్‌లో డ్రిల్లింగ్, గ్రైండింగ్ మెషిన్లు ఇంకా ఉన్నాయి, అలాంటప్పుడు అమ్మిన సొమ్ము మొత్తం బ్లాక్ విలువలోంచి తీసేస్తే చాలు, విడిగా లాభం చూపక్కర్లేదని ఒక స్నేహితుడి మాట. నిజమేనా? ఇలా అమ్మినవాళ్లు ఎంట్రీ ఎలా వేశారో చెప్పండి ప్లీజ్.