అప్‌డేట్: గాజు గొట్టంలో కార్బన్ డయాక్సైడ్, పొడి కుప్పల లెక్క కుదిరింది

నా ప్రశ్న: "స్పీకర్ పెట్టిన మీటరు గొట్టంలో కార్క్ పొడి కట్టే కుప్పల మధ్య దూరాన్ని బట్టి ధ్వని వేగం కొలుస్తున్నాను. గాలికి లెక్క సరిపోతోంది. కార్బన్ డయాక్సైడ్‌కి మాత్రం వేగం ఎక్కువొస్తోంది, పైగా పొడి ముద్ద కడుతోంది. ఎందుకు?"

రెండూ తేలాయి. మా కోనసీమ వానాకాలపు తేమకి కార్క్ పొడి గాజుకి అంటుకుపోతుంది. వెనిగర్, వంటసోడాతో చేసిన వాయువు కూడా తడిగానే వస్తుంది. అందుకని పొడిని ఎండబెట్టి, వాయువుని కాల్షియం క్లోరైడ్ మీదుగా పంపాలి.

వేగం పెరగడానికి కారణం లోపల మిగిలిన గాలి. స్పీకర్ కోన్ సందుల్లోంచి కూడా అది వస్తుంది. కోన్ ముందు బెలూన్ రబ్బరు బిగించి, గొట్టాన్ని వాలుగా పెట్టి, కింది కొస నుంచి నెమ్మదిగా నింపాను. ఈ వాయువు గాలికంటే బరువు, కాబట్టి గాలి పై కొస నుంచి పోతుంది. అక్కడ పెట్టిన అగ్గిపుల్ల వెంటనే ఆరితే గొట్టం చాలావరకు నిండినట్టే, కానీ పూర్తి స్వచ్ఛతకి అది రుజువు కాదు. పది నిమిషాలాగి మళ్లీ కొలవండి, కుప్పల మధ్య దూరం పెరిగితే గాలి చొరబడుతోందన్నమాట.

30 డిగ్రీల దగ్గర, 1000 హెర్ట్జ్‌కి, కుప్పల మధ్య ఐదు ఖాళీలు కలిపి 68.0 సెంటీమీటర్లు. ఒక్కోటి 13.6, అంటే అర తరంగదైర్ఘ్యం. వేగం 2 × 0.136 × 1000 = 272 మీటర్లు/సెకను. సిద్ధాంతమూ దాదాపు ఇంతే చెబుతుంది.

స్పీకర్ పక్క ఖాళీని కలపకండి, అక్కడ నోడ్, అంటే వాయువు కదలని చోటు, సరిగ్గా కోన్ దగ్గర ఉండదు. కుప్పల నడుమ మిల్లీమీటర్ల ఎడంతో లేచే సన్నని గీతలనీ లెక్కించకండి, వాటికి తరంగదైర్ఘ్యంతో సంబంధం లేదు.