కిలోమీటర్ల గడువు దాటినా షీటు ఎర్రబడలేదు: బండ్ల సర్వీసు షీటు మీరెలా వేసుకుంటున్నారు?

షెడ్డు_లెక్కలు
మా దగ్గర 23 బండ్లు ఉన్నాయి, వ్యాన్లు, చిన్న లారీలు కలిపి. సర్వీసు షీటు నేనే చూస్తాను. ఒక్కో బండికి ఒక్కో వరుస. అందులో చివరి ఆయిల్ మార్పు తేదీ, అప్పటి రీడింగ్, తర్వాతి గడువు తేదీ, గడువు కిలోమీటర్లు, ఇప్పటి రీడింగ్ ఉంటాయి. తేదీ దాటినా, కిలోమీటర్లు దాటినా గడి ఎర్రబడేలా రంగు పెట్టాను.

7వ నంబరు వ్యాను విషయంలో దెబ్బ తిన్నాను. మార్చి 1న 84,000 దగ్గర ఆయిల్ మార్చాం. మా లెక్క 10,000 కిలోమీటర్లు లేదా 6 నెలలు, ఏది ముందొస్తే అది. అంటే 94,000 లేదా సెప్టెంబర్ 1. జూన్ 29న వేరే పని మీద బండి షెడ్డుకొస్తే మీటరు 96,000 చూపిస్తోంది. షీటులో మాత్రం పచ్చగానే ఉంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కనిష్ఠ గీత కంటే కిందకు దిగి, తారులా నల్లగా ఉంది. ఇంజన్‌కు ఏమీ కాలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. షీటు తీరులోనే తప్పుందా?

జీపీఎస్_బాబు
ట్రాకర్ పెట్టించుకోండి అన్నా. రీడింగ్ దానంతటదే వస్తుంది, షీటుతో పనే ఉండదు. మేం అన్ని బండ్లకూ బిగించాం.

షెడ్డు_లెక్కలు
ట్రాకర్ సంగతి తర్వాత చూస్తాను అన్నా. ఇప్పుడు నేనడిగేది షీటు గురించే. సగం బండ్లు మావి కావు, వాటికి ఏదీ బిగించనివ్వరు.

పాత_ఫోర్‌మన్
7వ నంబరు బండికి షీటులో చివరి రీడింగ్ ఎప్పటిది?

షెడ్డు_లెక్కలు
ఇప్పుడు చూస్తే మార్చి 31ది. 87,000. ఆ తర్వాత డ్రైవరు మారాడు, కొత్తాయన రీడింగ్ రాసివ్వలేదు. నేనూ అడగలేదు.

పాత_ఫోర్‌మన్
అనుకున్నాను. మీ షీటు 87,000ని 94,000తో పోల్చి "ఇంకా 7,000 ఉంది" అని మూడు నెలలు అదే మాట చెబుతూ కూర్చుంది. తేదీ రోజూ కదులుతుంది, కిలోమీటరు మాత్రం మనం రాస్తేనే కదులుతుంది. రాయడం ఆగిందంటే ఆ గడువు నిద్రపోయినట్టే.

అందుకని కిలోమీటర్ల గడువును కూడా తేదీగా మార్చి పెట్టుకోవాలి. మీ బండి లెక్కే చూద్దాం. మార్చి 1 నుంచి 31 దాకా 30 రోజుల్లో 3,000 తిరిగింది, అంటే రోజుకు 100. మిగిలినవి 7,000, అంటే 70 రోజులు. మార్చి 31కి 70 రోజులు కలిపితే జూన్ 9. ఆ తర్వాత ఒక్క రీడింగ్ కూడా రాయకపోయినా జూన్ 9కి ఆ వరుస ఎర్రబడి ఉండేది. మీకు దొరికింది జూన్ 29న, 20 రోజులు ఆలస్యంగా. 2,000 ఎక్కువ తిరిగిందన్నా ఆ 20 రోజులే కదా.

కాలమ్ అక్షరాలు మీ షీటును బట్టి మార్చుకోండి. నా దగ్గర ఇలా ఉంది:

```
G2: =EDATE(E2,D2)
H2: =F2+C2
L2: =IF(K2>0,I2+(H2-J2)/K2,"")
M2: =MIN(G2,L2)
```

C, D కాలమ్‌లలో ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు అన్న లెక్క ఉంటుంది. E, Fలలో చివరిసారి చేసిన తేదీ, అప్పటి రీడింగ్. I, Jలలో ఆఖరున రాసిన రీడింగ్ తేదీ, రీడింగ్. Kలో రోజుకు సగటున ఎంత తిరుగుతోందో ఉంటుంది. రంగు మాత్రం ఒక్క M మీదే వేయండి. M ఈరోజుకు వచ్చిందా దాటిందా అన్నది TODAY()తో పోల్చాలి. రెండు గడువులకు రెండు రంగులు పెడితే చూసేవాడి కన్ను ఏదో ఒకదాన్ని వదిలేస్తుంది.

షెడ్డులో నిలబడిపోయిన బండికి K సున్నా అవుతుంది. అప్పుడు L ఖాళీగా ఉంటుంది, MIN దాన్ని పట్టించుకోదు, తేదీ గడువు ఒక్కటే పనిచేస్తుంది. నిలబడ్డ బండికి కావలసిందీ అదే. ఆయిల్ నిలవున్నా పాడవుతుంది.

రెంచి_పట్టు
ఇప్పటి రీడింగ్ కోసం ఇంత తతంగం ఎందుకండీ? ఆ బండి రీడింగులన్నిట్లో పెద్దది తీసుకుంటే సరి. మీటరు వెనక్కి తిరగదు కదా, MAX పెడితే ఎప్పుడూ తాజా రీడింగే వస్తుంది. నేను రెండేళ్లుగా అలాగే చేస్తున్నాను.

పాత_ఫోర్‌మన్
మీటరు వెనక్కి తిరగదన్నది నిజమే, రాసే చెయ్యి మాత్రం తప్పుతుంది. 87,000 బదులు ఒక సున్నా ఎక్కువ పడి 8,70,000 అయిందనుకోండి. MAX దాన్నే పట్టుకుంటుంది. తర్వాత మీరు ఎన్ని సరైన రీడింగులు రాసినా అదే కనిపిస్తుంది. బండి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది, కొన్నాళ్లకు ఆ ఎరుపును చూడటం మానేస్తారు. అది ఇంకా ప్రమాదం.

కాబట్టి ముందు తాజా తేదీ వెతికి, ఆ తేదీన ఉన్న రీడింగ్ తీసుకోండి. తప్పు రాస్తే వచ్చే వారం రీడింగ్‌తో అదే సర్దుకుంటుంది. నా దగ్గర రీడింగులన్నీ Odo అనే వేరే షీటులో ఉంటాయి: Aలో బండి నంబరు, Bలో తేదీ, Cలో రీడింగ్. A2 అంటే అసలు షీటులోని బండి నంబరు.

```
I2: =MAXIFS(Odo!B:B,Odo!A:A,A2)
J2: =MAXIFS(Odo!C:C,Odo!A:A,A2,Odo!B:B,I2)
```

మీటరు మార్చిన బండికి MAX అసలే పనికిరాదు. మా లారీ ఒకదానికి పాత మీటరు 1,42,300 దగ్గర ఆగిపోయింది, కొత్తది సున్నా నుంచి మొదలైంది. ఆ రోజు నుంచి ప్రతి రీడింగ్‌కూ 1,42,300 కలిపే కాలమ్ ఒకటి పెట్టాం. డ్రైవరు మీటరు మీద కనిపించేదే రాస్తాడు, కలిపే పని షీటుది.

రెంచి_పట్టు
మీటరు మార్పు సంగతి నా బుర్రకు తట్టలేదు. మా దగ్గర అలాంటి బండి ఒకటుంది, ఇప్పుడే చూస్తాను.

మట్టి_యంత్రం
నాదో సందేహం. మాకు తవ్వే యంత్రాలు నాలుగున్నాయి, వాటికి కిలోమీటర్లు లెక్కలోకే రావు, గంటల మీటరే. 250 గంటలకోసారి ఆయిల్. ఈ షీటు నాకు పనిచేస్తుందా?

పాత_ఫోర్‌మన్
చేస్తుంది. లెక్క అదే, కిలోమీటరు ఉన్నచోట గంట వస్తుంది. అయితే ప్రమాణం ఏమిటో చెప్పే కాలమ్ ఒకటి తప్పకుండా పెట్టండి. గంటల వరుసలో ఎవరైనా 10,000 అని రాస్తే ఆ యంత్రం మళ్లీ షెడ్డు ముఖం చూడదు.

రాత్రి_డ్యూటీ
వ్యాన్లకూ గంటలు చూడాలంటాను. మా బండ్లు సరుకు దించేటప్పుడు ఇంజన్ ఆపవు, చల్లదనం పెట్టె నడవాలి. రోజుకు 40 కిలోమీటర్లే తిరుగుతాయి కానీ ఇంజన్ తొమ్మిది గంటలు నడుస్తుంది. కిలోమీటర్ల లెక్కన చూస్తే అది ముసలమ్మ నడిపిన బండిలా ఉంటుంది.

పాత_ఫోర్‌మన్
మీరన్నది సరైన మాట. అలాంటి బండికి కిలోమీటర్ల గడువు తగ్గించాలా, గంటల వరుస వేరే పెట్టాలా అన్నది నాకూ తేలలేదు. మేం నెలల గడువును సగం చేశాం. అది కొలిచి తేల్చిన సంఖ్య కాదు.

షెడ్డు_లెక్కలు
నిన్న సాయంత్రం షీటంతా తిరగరాశాను. చేసిన పనులన్నీ Log అనే షీటులోకి మార్చాను, ఒక్కో పనికి ఒక్కో వరుస. ఇదివరకు పాత తేదీ చెరిపి కొత్తది రాసేవాణ్ని, దాంతో ఏ బండికి ఎన్నిసార్లు ఏం చేశామో తెలిసేది కాదు. ఇప్పుడు చివరి తేదీని MAXIFS వెతికి తెస్తోంది.

ఒక చిక్కు వచ్చింది. 12వ నంబరు బండికి పోయిన నెలే ఆయిల్ మార్చాం, Logలో రాసి కూడా ఉంది. షీటేమో నిరుటి తేదీ చూపిస్తోంది. ఫార్ములా నాలుగుసార్లు చూశాను, తప్పు కనిపించలేదు.

ఫార్ములా_ప్రియ
Logలో ఆ తేదీ గడిలో ఎడమవైపు ఆనుకుని ఉందా, కుడివైపా?

షెడ్డు_లెక్కలు
ఎడమవైపు. మిగతావన్నీ కుడివైపున్నాయి. మీరు అడిగేదాకా కంటికి ఆనలేదు.

ఫార్ములా_ప్రియ
అయితే షీటు దృష్టిలో అది తేదీ కాదండీ, ఉత్త అక్షరాలు. ఎవరో చుక్కలు పెట్టి రాసి ఉంటారు, లేదా వాట్సాప్ నుంచి అతికించి ఉంటారు. MAXIFS అక్షరాలను లెక్కలోకి తీసుకోదు, తప్పని కూడా చెప్పదు, దాని వెనకున్న పాత తేదీని తెచ్చి చూపిస్తుంది. Logలో ఒక పక్క కాలమ్ పెట్టి ఇది రాయండి, FALSE వచ్చిన వరుసలన్నీ మళ్లీ టైప్ చేయండి.

```
=ISNUMBER(C2)
```

ఇక ముందు రాకుండా తేదీ కాలమ్‌కు డేటా వాలిడేషన్‌లో తేదీ మాత్రమే అని పెట్టండి. అతికించినవాటిని మాత్రం అది ఆపలేదు, కాబట్టి పక్క కాలమ్ తీసేయకండి.

షెడ్డు_లెక్కలు
మూడు దొరికాయి. మూడూ ఒకే మనిషి ఫోన్ నుంచి రాసినవి. సరిచేస్తే 12వ నంబరు కూడా సరైంది. చాలా థాంక్స్ అండీ.

రెంచి_పట్టు
సగటు ఎన్ని రోజులది తీసుకోవాలి? నేను ఏడు రోజులు పెడితే M రోజుకో తేదీకి ఎగురుతోంది.

పాత_ఫోర్‌మన్
నేను 30 రోజులు తీసుకుంటాను. ఏడు రోజులైతే ఒక్క సెలవు పడినా లెక్క తప్పుతుంది. మరీ 180 పెడితే రూటు మారిన సంగతి షీటుకు ఆలస్యంగా తెలుస్తుంది. రూటు మారినప్పుడు 30 రోజుల సగటు కూడా కొన్నాళ్లు తప్పే చెబుతుంది. రోజుకు 100 తిరిగే బండిని 250 తిరిగే రూటులో వేశారనుకోండి, రీడింగ్ రాయకపోతే అంచనా పాత లెక్కలోనే ఉంటుంది. అందుకే ఆఖరి రీడింగ్ 10 రోజులు దాటితే ఆ వరుస నాకు బూడిద రంగుకు మారుతుంది. సర్వీసు ఇంకా రాలేదు సరే, "ఈ బండి గురించి నాకేం తెలియడం లేదు" అని షీటు నోరు విప్పాలి.

కాగితాల_మనిషి
ఫిట్‌నెస్, బీమా కూడా ఇదే షీటులో పెట్టి, చివరి తేదీకి 12 నెలలు కలపొచ్చా?

పాత_ఫోర్‌మన్
షీటు అదే ఉంచండి, కలపడం మాత్రం వద్దు. ఆయిల్ గడువు మనం పని చేసిన రోజు నుంచి మొదలవుతుంది, ఎందుకంటే ఆ రోజే కొత్త ఆయిల్ పడింది. కాగితాలకు అలా కుదరదు. కాగితం మీద ఏ తేదీ అచ్చయి ఉందో దాన్నే చూసి టైప్ చేయండి. ముందుగా రెన్యువల్ చేయించినప్పుడు చేసిన రోజు నుంచి లెక్కేస్తే షీటు తేదీ, కాగితం తేదీ వేరైపోతాయి.

రాత్రి_డ్యూటీ
ఇంకొకటి. ఆయిల్ జూన్ 9న, బ్రేకులు చూడటం జూన్ 20న వస్తే బండిని రెండుసార్లు ఆపుతారా?

పాత_ఫోర్‌మన్
ఆపను. ఒక పనికి బండి లోపలికి వస్తే రాబోయే 15 రోజుల్లో ఉన్నవన్నీ అప్పుడే చేస్తాం.

ఫార్ములా_ప్రియ
మేం 30 రోజులు చూస్తాం. బండి ఆగే రోజులు తగ్గుతాయి.

పాత_ఫోర్‌మన్
30 అంటే నెలకు 3,000 తిరిగే బండికి 10,000 ఆయిల్‌ను 7,000కే మార్చినట్టు. ఏడాదికి ఒకటి రెండు మార్పులు అదనంగా పడతాయి. తక్కువ తిరిగే బండికైతే 30 ఫర్వాలేదు.

ఫార్ములా_ప్రియ
మాకు బండి ఒక రోజు ఆగితే పోయేది ఆయిల్ ఖర్చు కన్నా ఎక్కువ. మేం మార్చం.

షెడ్డు_లెక్కలు
నేను ప్రస్తుతానికి 15తో మొదలుపెడుతున్నాను. ఈ ఉదయం షీటు తెరిస్తే 23లో నాలుగు బూడిద రంగులో ఉన్నాయి. ఆ నలుగురు డ్రైవర్లకూ ఫోన్ చేసి, మీటరు ఫోటో తీసి పంపమన్నాను. మూడు వచ్చాయి. నాలుగో ఫోటోలో ఎండ పడి రెండో అంకె 3నో 8నో అర్థం కావడం లేదు, మళ్లీ తీయమన్నాను.