రూపాయి ప్యాకెట్టా, పెద్ద సీసానా? షాంపూకి ఒక లెక్క, బట్టల పొడికి ఇంకో లెక్క

వంటింటి లెక్క, నిజామాబాద్

మా వారు రూపాయి షాంపూ ప్యాకెట్లు దండలకు దండలు కొని, చించి, పాత సీసాలో నింపుతున్నారు. సీసా కొనడం డబ్బు దండగ అంటారు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఇంత చెత్త పోగేయడం తప్పంటుంది. బట్టల పొడి, లిక్విడ్ కూడా ఆయన చిన్న ప్యాకెట్లే తెస్తున్నారు. ఎవరి మాట సరైనది? రీఫిల్ ప్యాకెట్లు మధ్యే మార్గం అవుతాయా?

కిరాణా త్రాసు, తెనాలి

షాంపూ వరకు మీ వారి లెక్కలో తప్పు లేదమ్మా. ఇరవై రెండేళ్లుగా దుకాణం నడుపుతున్నాను. మీ ప్రశ్న చదివి ఈ ఉదయం ఒకే కంపెనీ, ఒకే రకం షాంపూ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. రూపాయి ప్యాకెట్టులో 6 మిల్లీలీటర్లు ఉంది. 355 మిల్లీలీటర్ల సీసా మీద ధర 205 రూపాయలు. అంటే ప్యాకెట్టులో మిల్లీలీటరు 17 పైసలు, సీసాలో 58 పైసలు. ఆ సీసా నిండడానికి సుమారు 59 ప్యాకెట్లు చాలు, అంటే 59 రూపాయలు. వెనక ముద్రించిన పదార్థాల వరుస రెండింటి మీదా ఒకటే.

ఎక్కువ కొంటే చవక అన్నది బియ్యానికి, పప్పుకి నిజం. షాంపూకి అది తిరగబడింది. తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ షాంపూని చిన్న ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టారు. ఆయన కుమారుడు రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో దాన్ని పల్లెపల్లెకూ చేర్చారు. ఇప్పుడు పోటీ అంతా రూపాయి బిళ్ళ దగ్గరే. ప్యాకెట్టు కొనేవారు పక్క కంపెనీవి 2 మిల్లీలీటర్లు ఎక్కువ ఉంటే అటే వెళ్తారు. సీసా కొనేవారు మిల్లీలీటర్లు లెక్కపెట్టరు, కంపెనీ లాభం అక్కడ తీసుకుంటుంది. ముడిసరుకు ధర పెరిగితే సీసా ధర పెరుగుతుంది. ప్యాకెట్టు ధర మాత్రం రూపాయి దగ్గరే ఉండి, లోపలి సరుకు తగ్గుతుంది. కాబట్టి ప్యాకెట్టు మీద ధర కాదు, మిల్లీలీటర్ల అంకె చూడాలి.

సీసాల మీద ధరతో పాటు మిల్లీలీటరుకు ఎంత పడుతుందో అచ్చు వేయాలన్న నియమం ఉంది. 10 మిల్లీలీటర్లకు మించని ప్యాకెట్లకు అది వర్తించదు. రెండూ పోల్చాలంటే మీరే భాగహారం చేసుకోవాలి.

బట్టల పొడి దగ్గరికి వస్తే మీ వారు ఓడిపోతారు. నా దగ్గర 10 రూపాయల ప్యాకెట్టులో 130 గ్రాములు, అంటే కిలో 77 రూపాయలు. కిలో ప్యాకెట్టు 72. నాలుగు కిలోల సంచి 270, అంటే కిలో 67 రూపాయల 50 పైసలు. లిక్విడ్ అయితే లీటరు సీసా 220, రెండు లీటర్ల రీఫిల్ 360. అక్కడ పెద్దదే చవక.

పచ్చతోరణం, హైదరాబాద్

త్రాసు గారు డబ్బు గురించే మాట్లాడుతున్నారు. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు, ఈ ప్యాకెట్లు అందులోకే వస్తాయి. దుకాణాలు వాటిని అమ్మడమే నేరం. పైగా ఒక సీసాకు పట్టే ప్లాస్టిక్ కంటే దానికి సమానమైన ప్యాకెట్లకు ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. మా కాలనీ చెరువు గట్టున మేము శుభ్రం చేసిన ప్రతిసారీ చేతికి వచ్చేవి ఇవే. మనసు కలుక్కుమంటుంది. అంత చవకగా ఎలా ఇస్తారు? నీళ్లు కలిపి ఉంటారు.

పొడి చెత్త కేంద్రం, విజయవాడ

తోరణం గారూ, చెరువు గట్టు మీద మీరు చూసింది నిజం. కానీ మీ మాటల్లో రెండు సరిదిద్దాలి. 2022 నిషేధం స్ట్రాలు, ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాల వంటి వస్తువుల మీద. షాంపూ ప్యాకెట్టు ఆ జాబితాలో లేదు. గుట్కా, పాన్ మసాలా ప్యాకెట్లలో ప్లాస్టిక్ వాడకూడదన్న నియమం వేరు. త్రాసు గారు నేరమేమీ చేయడం లేదు.

రెండోది తూకం. నేను ఈ చెత్త వేరుచేసే పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఒక ప్యాకెట్టు బరువు మా కేంద్రం కాటా మీద తేలదు. అందుకే ఇరవై ఖాళీ ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, ఒక కంసాలి మిత్రుడి త్రాసు మీద వేయించాను. ఇరవైకి 12 గ్రాములు, ఒక్కొక్కటి 0.6 గ్రాము. 59 ప్యాకెట్లంటే 35 గ్రాములు. త్రాసు గారు చెప్పిన పరిమాణంలోని ఖాళీ సీసా మూతతో కలిపి 38 గ్రాములు తూగింది. అంటే ప్లాస్టిక్ బరువులో దాదాపు సమానమే.

మరి చెరువు గట్టున సీసా ఎందుకు కనబడదు, ప్యాకెట్టే ఎందుకు కనబడుతుంది? అసలు విషయం అక్కడుంది. చెత్త ఏరుకుని బతికే అమ్మ రోజంతా నడుస్తుంది. 26 సీసాలు దొరికితే ఆమెకు కిలో సరుకు అవుతుంది, పాత సామాన్ల దుకాణంలో డబ్బు చేతికొస్తుంది. అదే కిలో ప్యాకెట్లతో కావాలంటే 1,600 సార్లకు పైగా నడుము వంచాలి. వంచినా వాటిని కొనేవారు లేరు. ప్యాకెట్టు చించిన చోట వేళ్లతో విడదీసి చూడండి, పొరలు పొరలుగా వస్తుంది. పైన రంగులు అచ్చయ్యే పొర, మధ్యలో వెండిలా మెరిసే పూత, లోపల వేడికి అతుక్కునే పొర. ఈ మూడింటినీ విడదీసి కరిగించడం మా దగ్గర ఎవరికీ గిట్టుబాటు కాదు.

2016 ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు ఇలాంటి రీసైకిల్ కాని పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో తొలగించాలన్నాయి. 2018లో ఆ వాక్యం మార్చారు. రీసైకిల్ కాకపోయినా, కాల్చి శక్తి తీయగలిగితే చాలన్నట్టు అయింది. అందుకే మా కేంద్రంలో ఇవి మూటలు కట్టి సిమెంటు బట్టీలకు వెళ్తాయి. మాకు రూపాయి రాదు, లారీ ఖర్చు ఎదురు పెట్టుకోవాలి.

ఇక చించిన మూల ముక్క. అది దాదాపు ఎప్పుడూ స్నానాల గదిలోనే పడి, నీళ్లతో పాటు కాలువలోకి పోతుంది. మా దగ్గరికి వచ్చే ప్యాకెట్లలో ఎక్కువ వాటికి ఆ ముక్క ఉండదు.

సూరత్ మగ్గం

మాది సిరిసిల్ల, ఇక్కడ పవర్‌లూమ్‌లో పని. వారానికోసారి డబ్బు చేతికొస్తుంది. ఒక గదిలో నలుగురం ఉంటాం. 205 రూపాయలు ఒకేసారి సీసాకు పెడితే ఆ వారం కూరగాయలకు తగ్గుతుంది. సీసా తెచ్చిన రెండుసార్లూ అది ఇరవై రోజులు నిలవలేదు, ఎవరు ఎంత పోసుకున్నారో తెలియలేదు. ప్యాకెట్టుకు ఆ బాధ లేదు. తలకు ఒకటి, ఆదివారం తలంటుకుంటే రెండు.

ప్యాకెట్లు ఆపేయాలని కోరేవారు దయచేసి ఇది కూడా ఆలోచించండి. ఆపేస్తే మేము సీసా కొనం. మళ్లీ తలకు ఒంటి సబ్బే రుద్దుకుంటాం.

ఉప్పునీరు, అనంతపురం

నాది కూడా ఇదే సమస్య. మా బోరు నీళ్లతో జుట్టు పీచులా అవుతోంది, రాలిపోతోంది. ప్యాకెట్టుదీ సీసాదీ రెండూ వాడాను, నురగే రాదు. బట్టల పొడి కూడా కంపెనీ చెప్పిన దానికి రెండింతలు వేస్తే గానీ మురికి వదలదు. ఏ షాంపూ మంచిదో చెప్పండి.

పొడి చెత్త కేంద్రం, విజయవాడ

ఉప్పునీరు గారూ, జుట్టు సంగతి వైద్యులను అడగండి, నాకు తెలిసిన విషయం కాదు. కానీ మీరు చెప్పిన ఒక మాట ఈ చర్చకు చాలా ముఖ్యం. కిలో ఎంత అన్నది ఒక లెక్క, ఒక ఉతుకుకు ఎంత అన్నది ఇంకో లెక్క. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ ఉంటే పొడిలో కొంత భాగం మురికిని ముట్టుకోకముందే ఆ సున్నానికే ఖర్చయిపోతుంది. అప్పుడు సున్నాన్ని తట్టుకునేలా చేసిన, కొంచెం ఖరీదైన పొడే ఉతుకుకు చవక కావచ్చు. రెండు నెలలు రెండు రకాలు వాడి, సంచి ఎన్ని ఉతుకులకు వచ్చిందో గోడ మీద గీతలు పెట్టుకుంటే తేలిపోతుంది.

రీఫిల్ గురించి. రెండు లీటర్ల బట్టల లిక్విడ్ రీఫిల్ సంచి ఖాళీగా 36 గ్రాములు తూగింది. లీటరు సీసా ఒక్కటే 64 గ్రాములు. రెండు సీసాల బదులు ఒక సంచి కొంటే 92 గ్రాములు మిగిలినట్టే, డబ్బు కూడా 80 రూపాయలు మిగులుతుంది. కానీ ఆ సంచిని కూడా పాత సామాన్ల దుకాణం తీసుకోదు. ఎక్కువ సంచులు ప్యాకెట్టులాగే పొరల సరుకు. అయినా పెద్ద పరిమాణం కాబట్టి మా చేతికి చేరుతుంది, గాలికి ఎగిరిపోదు. బట్టల లిక్విడ్‌కి నా ఓటు రీఫిల్‌కే.

కిరాణా త్రాసు, తెనాలి

షాంపూ రీఫిల్ నా దగ్గర ఒకే రకం ఉంది. సీసా కంటే మిల్లీలీటరుకు ఐదారు పైసలే తక్కువ, ప్యాకెట్టు కంటే ఇంకా మూడింతలు ఎక్కువే. ధర ఇలా ఉన్నంతకాలం జనం రీఫిల్ వైపు రారు. తప్పు జనానిది కాదు. సీసా ధర దించే పని కంపెనీలు చేయాలి.

తోరణం గారు నీళ్లు కలుపుతారన్నారు. పదార్థాల పేర్లు ఒకటేనని చూశాను గానీ, ఏది ఎంత పాళ్లలో ఉందో దాని మీద రాయరు. ఆ మాట నేను కొట్టిపారేయలేను.

పచ్చతోరణం, హైదరాబాద్

నిషేధం విషయంలో పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. కానీ బరువు సమానం కాబట్టి సరే అనడానికి నా మనసు ఒప్పుకోదు. సీసా తిరిగి బకెట్టో కుండీయో అవుతుంది, ప్యాకెట్టు కాలువలో ఉంటుంది. సూరత్ తమ్ముడి మాట న్యాయమే. ఒకేసారి డబ్బు పెట్టగలిగిన నాలాంటి వాళ్లు మాత్రం సీసాకీ 59 ప్యాకెట్లకీ మధ్య ఉన్న ఆ 146 రూపాయల తేడా భరించాలని నా అభిప్రాయం.

వంటింటి లెక్క, నిజామాబాద్

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా వారిని కూర్చోబెట్టి 59 ప్యాకెట్లూ నింపించాను. నలభై నిమిషాలు పట్టింది. సీసా నిండుతుందనుకున్నాం, మెడ దగ్గర రెండు వేళ్ల ఎత్తు ఖాళీ మిగిలింది. ఎంత పిండినా ప్రతి ప్యాకెట్టులో కాస్త అంటుకునే ఉంది. అయినా చవకే అంటున్నారాయన.

బట్టల పొడికి నాలుగు కిలోల సంచి, లిక్విడ్‌కి రీఫిల్ అని తేల్చుకున్నాం. షాంపూ తగువు తెగలేదు. మా అమ్మాయి కత్తెర తెచ్చి, మూల ముక్క పూర్తిగా ఊడిపోకుండా సగం వరకే కత్తిరించి చూపించింది. ఖాళీవన్నీ కడిగి దండెం మీద ఆరేసింది. తనదొక ప్రశ్న: సిమెంటు బట్టీలో కాల్చినదాన్ని రీసైకిల్ అనవచ్చా?

పొడి చెత్త కేంద్రం, విజయవాడ

అనకూడదు తల్లీ. బట్టీకి బొగ్గు కొంత ఆదా అవుతుంది, ప్యాకెట్టు మాత్రం మళ్లీ ప్యాకెట్టు కాదు. కాలువలో పడడం కంటే నయం, అంతే. కత్తెర ఉపాయం మంచిది, మా కేంద్రంలో ఆడవాళ్లకు చూపిస్తాను. ఆరినవాటిని ఒక పాత పాల కవరులో కుక్కి, మూతి కట్టి, పొడి చెత్త బండికి ఇవ్వండి. విడివిడిగా వేస్తే బండి కదలగానే సగం రోడ్డు మీదికి ఎగిరిపోతాయి.